మన సర్వీస్ ట్రాకర్ గురించి టీమ్ లీడ్ గారికి బహిరంగ లేఖ

టీమ్ లీడ్ గారికి,

నమస్కారం సర్. ఈ మెయిల్ మీకు రాస్తూ టీమ్ మొత్తానికీ పంపుతున్నాను. ఆసుపత్రి యంత్రాల సర్వీస్ తేదీలు నమోదు చేసే మన గూగుల్ షీట్‌లో, అంటే ట్రాకర్‌లో, రోజూ రాసేది మనందరం. నేను అడగబోయే మార్పు మీరు ఒప్పుకున్నంత మాత్రాన జరిగిపోదు, రాసే ప్రతి చేయీ మారాలి. అందుకే అందరూ చదవాలనుకున్నాను.

డిసెంబర్ 12న దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఫోన్ వచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్ల ఐసీయూలోని ఒక సిరంజి పంపు మీద మన స్టిక్కర్ ఉంది. దాని మీద తదుపరి సర్వీస్ 8 సెప్టెంబర్ అని మన ఇంజనీర్ చేతిరాతే ఉంది. మూడు నెలలు దాటినా ఎవరూ రాలేదేమిటని వాళ్ల సిస్టర్ అడిగారు. ఫోన్ పెట్టకుండానే ట్రాకర్ తెరిచి చూశాను. అందులో గడువు తేదీ 2026 ఫిబ్రవరి 3 అని ఉంది. "ఇంకా టైమ్ ఉందమ్మా" అనబోయి ఆగాను. స్టిక్కర్ ఒకటి, షీట్ ఒకటి చెబుతున్నప్పుడు నేను నమ్మాల్సింది యంత్రం మీదున్న స్టిక్కర్నే.

ఆ సాయంత్రమే మన ఇంజనీర్ వెళ్లి చూశారు. మందు గంటకు ఎన్ని మిల్లీలీటర్లు పోతోందో కొలిచారు, గొట్టం మూసి అలారం మోగుతోందో లేదో చూశారు. పంపు బాగానే ఉంది. కానీ ఆ మూడు నెలలూ అది బాగుందన్న సంగతి మనకు తెలియదు. నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికి రెండు రోజులు పట్టింది. ఆ వెతుకులాటంతా ఇక్కడ చెబుతాను. ఎందుకంటే ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. ఎవరూ తప్పు చేయకుండానే ఇది జరిగింది.

ఆ పంపుకు సర్వీస్ జరిగింది 2025 మార్చి 8న. ఇంజనీర్ ఆ రోజే ట్రాకర్‌లో 08/03/2025 అని కొట్టారు. మనం పుట్టి పెరిగిన పద్ధతిలో అది మార్చి ఎనిమిది. కానీ షీట్ దాన్ని ఆగస్టు మూడుగా తీసుకుంది. మన ట్రాకర్‌ను 2025 ఫిబ్రవరిలో ఒక టెంప్లేట్ నుంచి కొత్తగా కాపీ చేసుకున్నాం. ఆ టెంప్లేట్‌లో `File` > `Settings` లోపల ఉండే `Locale` అనే చోట `United States` అని ఉంది. అమెరికా వాళ్లు నెల ముందు రాసి తర్వాత రోజు రాస్తారు. ఆ ఒక్క సెట్టింగ్ కాపీతో పాటు మన దగ్గరికి వచ్చింది.

షీట్ లోపల తేదీ అంకెల గుర్తుగా ఉండదు, రోజుల లెక్కగా ఉంటుంది. 1899 డిసెంబర్ 30ని సున్నాగా పెట్టుకుని అక్కడి నుంచి లెక్కిస్తుంది. 2025 మార్చి 8 అంటే 45724. ఆగస్టు 3 అంటే 45872. మనం కొట్టింది మొదటిది అనుకున్నాం, లోపల నిల్వ అయింది రెండోది. తేడా 148 రోజులు. తెర మీద మాత్రం మనం కొట్టిన అంకెలే, అదే వరుసలో కనిపిస్తాయి. ఎంత జాగ్రత్తగల మనిషైనా ఆ సెల్‌ను చూసి తప్పు పట్టలేరు. గడువు కాలమ్‌లో ఉన్న సూత్రం ఆ తప్పు తేదీకి ఆరు నెలలు కలిపి ఫిబ్రవరి 3 అని చూపించింది.

```
=IFERROR(EDATE(D2,6),"")
```

మరి అన్ని తేదీలూ ఇలాగే తారుమారైతే మార్చిలోనే పట్టుబడేవి కదా అని మీరు అడగవచ్చు. నేనూ అదే అనుకున్నాను. కాగితం మీద లెక్క వేస్తే తెలిసింది. ఏ నెలలోనైనా 13వ తేదీ నుంచి ఈ మాయ జరగదు, ఎందుకంటే 13వ నెల లేదు. 18/03/2025 అని కొడితే షీట్‌కు అది తేదీగానే అర్థం కాదు, ఉత్త అక్షరాలుగా ఉంచేస్తుంది. 1 నుంచి 12 వరకు ఉన్న తేదీలే మారతాయి. వాటిలోనూ 05/05 లాంటిది తిరగేసినా అదే కాబట్టి నష్టం లేదు. అంటే నెలకు 11 తేదీలు, ఏడాదికి 132 తేదీలు చప్పుడు లేకుండా తారుమారవుతాయి. 12 తేదీలకు ఏమీ కాదు. మిగిలిన 221 తేదీలు అక్షరాలుగా మిగిలిపోతాయి.

అక్షరాలుగా మిగిలినవి మామూలుగా ఎడమ వైపుకు జరిగి కనిపిస్తాయి, అసలైన తేదీలు కుడి వైపుకు ఉంటాయి. షీట్ తనంతట తాను ఇచ్చే హెచ్చరిక అదొక్కటే. మనలో ఎవరో చూడ్డానికి బాగుంటుందని కాలమ్ మొత్తాన్ని మధ్యకు సర్దారు. దాంతో ఆ గుర్తూ పోయింది. అక్షరాల మీద `EDATE` పనిచేయక తప్పు చూపించాలి. కానీ పై సూత్రంలో `IFERROR` ఉంది కాబట్టి తప్పు బదులు ఖాళీ సెల్ కనిపించింది.

ఇక్కడి నుంచే వ్యవహారం చిక్కుపడింది. గడువు ఖాళీగా వస్తోందని గమనించినవాళ్లు ఊరుకోలేదు, తలో దారి వెతుక్కున్నారు. ఒకరు తేదీని 3/18/2025 అని తిరగేసి కొడితే గడువు వస్తోందని కనిపెట్టారు, అప్పటి నుంచి అన్ని తేదీలూ నెల ముందు పెట్టే రాస్తున్నారు. ఇంకొకరు సెల్ మీద రెండుసార్లు నొక్కి క్యాలెండర్‌లోంచి ఎంచుకుంటున్నారు. మరొకరు మామూలుగా రోజు ముందు కొట్టి, ఖాళీ వచ్చిన చోట మాత్రమే సరిచేసుకుంటున్నారు. ముగ్గురూ పని జరగాలనే చేశారు. ఫలితంగా ఒకే కాలమ్‌లో ఇప్పుడు మూడు భాషలున్నాయి. ఏ సెల్ ఏ భాషలో రాసిందో చెప్పే ఆధారం లేదు.

షీట్‌లోని 412 యంత్రాలనూ విడదీసి చూశాను. 61 వరుసల్లో తేదీ ఇప్పటికీ అక్షరాలుగానే ఉంది. ఇవి సులువు. రోజు 12 దాటింది కాబట్టే అలా మిగిలాయి, ఒక్క రకంగానే చదవగలం. 214 వరుసల్లో నిల్వ అయిన తేదీలో రోజు 12 కంటే ఎక్కువ ఉంది. ఇవి నమ్మదగినవి. తారుమారైన తేదీలో రోజు స్థానంలోకి వచ్చేది నెల అంకె కాబట్టి అది 12 దాటే అవకాశమే లేదు. 8 వరుసల్లో రోజూ నెలా ఒకటే. మిగిలినవి 129. అవి నిజమో తారుమారో షీట్ చూసి చెప్పలేం.

రోజునూ నెలనూ తిరగేసే సూత్రం ఒకటి పెడితే చాలు కదా అని మన టీమ్‌లోనే ఒకరు అన్నారు. అది చేయకూడదు సర్. ఆ 129లో సరిగ్గా ఉన్నవీ ఉన్నాయి, నెల ముందు పెట్టి రాసినవీ, క్యాలెండర్‌లోంచి ఎంచుకున్నవీ. సూత్రం పెడితే వాటిని మనమే చెడగొట్టినవాళ్లం అవుతాం. నేను 20 వరుసలు తీసుకుని బీరువాలోని సర్వీస్ రిపోర్టు కాగితాలతో పోల్చాను. 11 సరిగ్గా ఉన్నాయి, 9 తారుమారయ్యాయి. ఆ తొమ్మిదిలో 4 గడువును ముందుకు లాగాయి, అంటే మనం అవసరానికి ముందే వెళ్తాం. 5 గడువును వెనక్కి నెట్టాయి. ఆ అయిదు యంత్రాల వివరాలు నిన్ననే మీకు విడిగా పంపాను, వాటికి ఈ వారమే మనుషులు వెళ్తున్నారు.

ఇక నేను అడిగేది. మొదటిది, తేదీ కాలమ్‌కు ఒకే ఒక నియమం, దానికి షీట్ లోపలే కాపలా. `Locale`ను `India`కు మార్చాలి. కాలమ్‌ను 08-Mar-2025 రూపంలో, నెల పేరు అక్షరాల్లో కనిపించేలా పెట్టాలి. అలా పెడితే రాసిన మనిషికి షీట్ ఏం అర్థం చేసుకుందో ఆ క్షణంలోనే కనిపిస్తుంది. కొట్టేటప్పుడు కూడా అంకెలతో కాకుండా `8 Mar 2025` అని కొట్టమని అడుగుతున్నాను. ఫోన్‌లో రెండు మూడు అక్షరాలు ఎక్కువ కొట్టాలి, నిజమే. కానీ అలా రాసిన తేదీని రెండు రకాలుగా చదవడానికి వీల్లేదు.

దాని మీద `Data validation`లో ఈ షరతు పెట్టి, సరిపడని ఎంట్రీని తిప్పికొట్టేలా చేయాలి.

```
=AND(ISNUMBER(D2),D2<=TODAY())
```

మొదటి సగం అక్షరాలను ఆపుతుంది. రెండో సగం, జరిగిన సర్వీస్ తేదీ రేపటిది కాకూడదు అంటుంది. ఇంత చిన్న షరతు మార్చి 8న ఉండి ఉంటే, ఆ రోజే షీట్ ఆగస్టు 3ని ఒప్పుకునేది కాదు. ఇంజనీర్ ఆసుపత్రి మెట్ల మీద ఉండగానే తెలిసిపోయేది. దీని పరిమితి కూడా చెప్పాలి. సెప్టెంబర్ 5ను 05/09 అని రాస్తే పాత సెట్టింగ్‌లో అది మే 9 అయ్యేది. అది గడిచిన తేదీయే కాబట్టి ఈ షరతుకు చిక్కదు. అంటే గడువును వెనక్కి నెట్టే తప్పులను, అవీ వెంటనే రాసినప్పుడు మాత్రమే పట్టుకుంటుంది. మనకు ప్రమాదం అటువైపే కాబట్టి ఉండాల్సిందే. కానీ `Locale` మార్చకుండా ఇదొక్కటే సరిపోదు. ఇంకో చోటి నుంచి సెల్స్ కాపీ చేసి అతికించినప్పుడు వాటితో వచ్చే నియమం మన నియమాన్ని చెరిపేయగలదు. అతికించేవాళ్లు `Ctrl+Shift+V` వాడితే విలువ మాత్రమే వస్తుంది.

`Locale` మార్చినంత మాత్రాన పాతవి బాగుపడవని కూడా అందరికీ తెలియాలి. లోపల 45872 అని పడిన సెల్ 45872గానే ఉంటుంది, కనిపించే తీరు మాత్రమే మారుతుంది. అంతకంటే ముఖ్యం, ఎవరికీ చెప్పకుండా మారిస్తే ఇదే కథ తిరగబడి మళ్లీ జరుగుతుంది. నెల ముందు రాయడం అలవాటైన మన సహోద్యోగి మర్నాడు 3/8/2026 అని కొడితే షీట్ దాన్ని ఆగస్టు మూడు అంటుంది. మార్పు మంచిదే అయినా ఎప్పుడు జరిగిందో రాసి ఉండకపోతే అదే కొత్త తప్పుకు మొదలు.

అందుకే రెండోది, మార్పుల పట్టిక. షీట్‌లోనే ఇంకో ట్యాబ్. తేదీ, ఎవరు, ఏ యంత్రం లేదా ఏ కాలమ్, ముందు ఏముంది, ఇప్పుడు ఏముంది, ఎందుకు. ఇంతే. కొత్త సర్వీస్ ఎంట్రీలను అందులో రాయక్కర్లేదు. ఒకసారి నమోదైన విలువను దిద్దినప్పుడు, కాలమ్‌నో సూత్రాన్నో సెట్టింగ్‌నో ముట్టుకున్నప్పుడు మాత్రమే రాయాలి. నా అంచనాలో వారానికి అయిదారు లైన్లు మించవు.

గూగుల్ షీట్‌లో `Version history` ఉంది కదా, మళ్లీ చేత్తో రాయడమెందుకని అడుగుతారు. నేను మొదట వెళ్లింది అక్కడికే. ఫిబ్రవరిలో చేసిన కాపీతో పాత చరిత్ర రాలేదు, కాపీకి చరిత్ర కొత్తగా మొదలవుతుంది. ఆ తర్వాతి వాటిలో కూడా కొన్ని వెర్షన్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. సెల్ మీద కుడి నొక్కు నొక్కి `Show edit history` చూస్తే ఎవరు ఏ విలువ మార్చారో వస్తుంది. కానీ వరుసలూ కాలమ్‌లూ చేర్చడం, తీసేయడం, ఫార్మాట్ మార్చడం అందులో కనిపించకపోవచ్చు. ఈ కథలో అసలు కీలకం ఆ మార్పులే. ఇంకా, ఫీల్డ్‌లోని రెండు ట్యాబ్లెట్లు ఒకే లాగిన్‌తో నడుస్తున్నాయి కాబట్టి ఆ మార్పులన్నిటికీ ఒకటే పేరు పడుతోంది. అన్నీ సవ్యంగా ఉన్నా, ఎందుకు మార్చారో ఆ చరిత్ర చెప్పదు. "గడువు ఖాళీ వస్తోంది, అందుకే ఇక నెల ముందు రాస్తున్నాను" అని మార్చిలో ఒక్క లైన్ ఎవరైనా రాసి ఉంటే, చదివిన మొదటి మనిషికే అసలు రోగం అర్థమయ్యేది. ఇప్పుడు 129 కాగితాలు తిరగేసే పని ఉండేది కాదు.

స్క్రిప్ట్ పెట్టి పట్టికను దానంతటదే నింపేలా చేయవచ్చు. ఆలోచించాను, ఇప్పటికి వద్దనే అనుకుంటున్నాను. ఒక సెల్ మారిస్తే `onEdit` పాత విలువను ఇస్తుంది. పది సెల్స్ ఒకేసారి అతికిస్తే ఇవ్వదు. మనకు పెద్ద తప్పులు వచ్చేది అతికించినప్పుడే. పైగా కారణం మనిషే రాయాలి.

తేదీ కాకుండా నియమం కావాల్సిన కాలమ్ ఇంకొక్కటే ఉంది, స్థితి. అందులో ఎక్కువగా కనిపించే మాట "పెండింగ్". కూకట్‌పల్లి వైపు వెళ్లే ఇంజనీర్ పెండింగ్ అంటే విడిభాగం రాలేదని. సికింద్రాబాద్ ఇంజనీర్‌కు, యంత్రం రోగికి తగిలించి ఉంది కాబట్టి ఆసుపత్రి వాళ్లు ఇవ్వలేదని. ఆఫీసులో నాకు, ఇంకా ఎవరూ వెళ్లలేదని. మూడింటికీ తర్వాత చేయాల్సిన పని వేరు. మొదటిదానికి స్టోర్‌కు ఫోన్ చేయాలి, రెండోదానికి ఆసుపత్రికి, మూడోదానికి ఇంజనీర్‌కు. నేను ప్రతి సోమవారం పొద్దున ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఏ పెండింగో అడుగుతున్నాను. "వెళ్లాలి", "విడిభాగం రావాలి", "యంత్రం ఇవ్వలేదు", "పూర్తయింది" అని నాలుగే మాటలు డ్రాప్‌డౌన్‌లో పెడితే ఆ ఫోన్లు తగ్గుతాయి. అయిదోది కావాలంటే చేర్చుకుందాం, పట్టికలో రాసి చేర్చుకుందాం.

కొత్త కాలమ్ కావాల్సి వస్తే కుడి చివరే చేర్చాలి, మధ్యలో కాదు. మన నెలవారీ రిపోర్టులో `VLOOKUP` అయిదో కాలమ్‌ను తెమ్మని అంకెతో చెబుతోంది. మధ్యలో ఒకటి దూరిస్తే అది కొత్త అయిదో కాలమ్‌ను తెస్తుంది, తప్పని చెప్పదు.

ఈ శనివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు ట్రాకర్‌లో ఎవరూ రాయకుండా చూడమని కోరుతున్నాను. ఆ లోపల షీట్‌కు ఒక కాపీ తీసి పక్కన పెడతాను, సెట్టింగ్ మారుస్తాను, 61 అక్షరాల తేదీలను `DATEVALUE`తో తేదీలుగా చేస్తాను, షరతులు పెడతాను, మార్పుల పట్టికలో మొదటి లైన్‌గా వీటన్నిటినీ రాస్తాను. ట్యాబ్లెట్లకు విడివిడి లాగిన్‌లు మాత్రం మీరే ఐటీ వాళ్లతో మాట్లాడి ఇప్పించాలి.

పోల్చాల్సినవి ఇంకా 109 మిగిలాయి. ఒకరు కాగితం చదివి, ఒకరు షీట్ చూస్తే గంటకు ముప్ఫై చేయగలమని ఆ ఇరవై చేసినప్పుడు అర్థమైంది. నాకు తోడుగా ఒక మనిషి కావాలి. మార్చి నుంచి ఆగస్టు వరకు రిపోర్టులున్న బీరువా తాళం మీ దగ్గరే ఉంది, శుక్రవారం సాయంత్రం వెళ్లేముందు నా టేబుల్ మీద పెడితే శనివారం పొద్దున తొమ్మిదికే మొదలుపెడతాం.

ఇట్లు,
సర్వీస్ కోఆర్డినేటర్,
బాలానగర్ ఆఫీసు, హైదరాబాద్